నాలుగు గోడౌన్లు ఒకటైతే సరుకు సగమవుతుందా?

మన తెలుగు కుటుంబాల్లో వ్యాపారం చేసేవారికి ఒక అలవాటు ఉంది. అన్నదమ్ములు తలా ఒక ఊళ్ళో స్థిరపడతారు, ఎవరి అంగడి వెనక వారికి ఒక గోడౌను ఉంటుంది. బెంగళూరులో ఒకటి, కోలారులో ఒకటి, హోసూరులో ఒకటి. బరంపురంలో ఒకటి, సరిహద్దు దాటితే ఇచ్ఛాపురంలో ఇంకొకటి. ఈ ఏర్పాటుకి సగం కారణం కుటుంబమైతే, మిగతా సగం పన్ను.

2017 జులై 1న జీఎస్టీ రాకముందు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. సి ఫారం ఇస్తే 2 శాతం. కొన్న వ్యాపారికి ఆ పన్ను తిరిగి రాదు, అది ఖర్చు కిందే పోయేది. అదే సరుకుని పక్క రాష్ట్రంలో ఉన్న తన సొంత డిపోకి ఎఫ్ ఫారం మీద బదిలీ చేసి, అక్కడి నుంచి అమ్మితే ఆ పన్ను లేదు. అందుకే పెద్ద కంపెనీలు రాష్ట్రానికో డిపో పెట్టుకున్నాయి. హోసూరుకీ బెంగళూరుకీ మధ్య దూరం 40 కిలోమీటర్లే అయినా రెండు చోట్లా గోడౌన్లు ఉండేవి.

జీఎస్టీ వచ్చాక ఆ కారణం పోయింది. రాష్ట్రం దాటి అమ్మినా కొన్న వ్యాపారికి పన్ను క్రెడిట్ దొరుకుతుంది. దాంతో కంపెనీలు చిన్న డిపోలు మూసి పెద్దవి కట్టుకున్నాయి. ఇప్పుడు అదే మాట మన ఇళ్ళలోనూ వినిపిస్తోంది. చదువుకున్న కుర్రవాళ్ళు లెక్క కాగితం మీద వేసి మరీ చెబుతున్నారు: "నాలుగు గోడౌన్లు ఒకటి చేస్తే సరుకు సగం చాలు నాన్నా, నాలుగుకి వర్గమూలం రెండు."

ఆ లెక్క ఉత్తిది కాదు. 1976లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన దాన్ని వర్గమూల సూత్రం పేరుతో ఒక వ్యాసంగా రాశాడు. 1979లో గ్యారీ ఎప్పెన్ దాని వెనకున్న గణితాన్ని విడమరిచి చూపాడు. అయితే ఆ సూత్రానికి షరతులున్నాయి. అవి తెలియకుండా సరుకు సగానికి కోస్తే, పండగ వారంలో అంగడికి వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో పంపాల్సి వస్తుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ స్టాకు పుస్తకాలు రాసిన గుమాస్తాని కాబట్టి, ఈ సూత్రం ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో పుస్తకాల వైపు నుంచి చెప్పే ప్రయత్నం చేస్తాను.

అదనంగా ఉంచే సరుకు ఎందుకు?

లెక్క కోసం ఒక కుటుంబం ఉందనుకుందాం. నలుగురు అన్నదమ్ములు. బెంగళూరు, కోలారు, హోసూరు, కృష్ణగిరిలో తలా ఒక గోడౌను. నలుగురూ ఒకే కంపెనీ మిక్సీలు అమ్ముతారు. ఒక్కో ఊళ్ళో సగటున వారానికి 100 మిక్సీలు పోతాయి. సరుకు ఒక మట్టానికి దిగగానే ఫ్యాక్టరీకి ఆర్డరు పెడతారు. అది వారం రోజుల్లో వస్తుంది.

ఆ వారంలో సరిగ్గా 100 అమ్ముడుపోతాయని గ్యారంటీ ఉంటే, 100 మిగిలినప్పుడు ఆర్డరు పెడితే చాలు. కానీ ఒక వారం 70 పోతాయి, ఒక వారం 135 పోతాయి. సగటు నుంచి వారాలు ఎంత దూరం జరుగుతుంటాయో చెప్పే కొలతని ప్రామాణిక విచలనం అంటారు. ఇక్కడ సులువుగా ఉండడానికి "ఊగు" అందాం. ఒక్కో ఊరి ఊగు 30 అనుకుందాం. అంటే మూడింట రెండు వారాల్లో అమ్మకం 70కీ 130కీ మధ్య ఉంటుంది, మిగతా వారాల్లో అంతకంటే దూరం పోతుంది.

ఆర్డరు పెట్టిన ప్రతి 20 సార్లలో 19 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే, సగటు పైన ఊగుకి 1.65 రెట్లు అదనంగా ఉంచాలి. 30ని 1.65తో గుణిస్తే 49.5. అంటే 50 మిక్సీలు. వ్యాపారంలో దీన్నే సేఫ్టీ స్టాకు అంటారు. నాలుగు ఊళ్ళకీ కలిపి 200.

కలిపితే ఎందుకు తగ్గుతుంది?

ఇప్పుడు నాలుగు ఊళ్ళ సరుకూ హోసూరులో ఒకే చోట ఉంచారనుకోండి. ఒక వారం బెంగళూరులో 130 పోయాయి, కోలారులో 70 పోయాయి, హోసూరులో 105, కృష్ణగిరిలో 95. మొత్తం 400. విడివిడిగా ఉంటే బెంగళూరు తన అదనపు 50లోంచి 30 వాడుకునేది, కోలారులో 30 మిక్సీలు అమ్ముడుపోకుండా కూర్చునేవి. ఒకే చోట ఉంటే కోలారుకి అక్కర్లేని 30 బెంగళూరుకి వెళ్ళిపోతాయి. ఒకరి ఎక్కువ ఇంకొకరి తక్కువతో సరిపోతుంది. దీన్ని ఇంగ్లీషులో రిస్క్ పూలింగ్ అంటారు.

ప్రతి వారమూ ఇంత చక్కగా సరిపోదు. ఎంత సరిపోతుందో తెలియడానికి రెండు ఊళ్ళతో చిన్న లెక్క వేద్దాం. ప్రతి ఊళ్ళోనూ సగం వారాలు 30 ఎక్కువ, సగం వారాలు 30 తక్కువ పోతాయనుకోండి. రూపాయి బిళ్ళ ఎగరేసినట్టు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ సంబంధం లేదు. అప్పుడు రెండు ఊళ్ళూ కలిపితే నాలుగే నాలుగు ఫలితాలు, నాలుగింటికీ సమాన అవకాశం: రెండు చోట్లా ఎక్కువ అయితే 60 ఎక్కువ, రెండు చోట్లా తక్కువ అయితే 60 తక్కువ, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అయితే సున్నా, అది తిరగబడినా సున్నా.

ఊగు కొలవాలంటే ఈ తేడాలని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టాలి. 60 వర్గం 3600. మన దగ్గర రెండు 3600లు, రెండు సున్నాలు ఉన్నాయి. వాటి సగటు 1800. దాని వర్గమూలం దాదాపు 42. విడివిడిగా 30, 30 కలిపితే 60 ఉండాలి, కానీ కలిసిన ఊగు 42 మాత్రమే. అంటే 30ని రెండుతో కాకుండా రెండు వర్గమూలంతో గుణించినట్టు అయింది. సూత్రంలో వర్గమూలం ఇక్కడి నుంచే వచ్చింది.

తాపీమేస్త్రీ గోడ మూల చూడడానికి 3, 4, 5 కొలతలు పడతాడు కదా, ఇదీ అలాంటిదే. లంబకోణంలో 3, 4 భుజాలు కలిసి 7 కావు, 5 అవుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఊగులు కూడా అలాగే కలుస్తాయి.

నాలుగు ఊళ్ళయితే ఊగు 30కి రెండు రెట్లు, అంటే 60. దానికి 1.65 రెట్లు 99. దగ్గర దగ్గర 100. విడివిడిగా 200 కావలసిన సేఫ్టీ స్టాకు ఇప్పుడు 100. కుర్రవాళ్ళు చెప్పిన సగం ఇదే. తొమ్మిది గోడౌన్లని ఒకటి చేస్తే మూడో వంతు చాలు.

మొదటి షరతు: తగ్గేది సేఫ్టీ స్టాకు, మొత్తం సరుకు కాదు

గోడౌనులో ఉన్న సరుకంతా సేఫ్టీ స్టాకు కాదు. లారీ దిగిన రోజున నిండుగా ఉండి, తర్వాతి లారీ వచ్చేదాకా రోజూ కొంచెం కొంచెం తరిగే సరుకు కూడా ఉంటుంది. మన ఉదాహరణలో ఒక్కో గోడౌను ఒక్కోసారి 100 మిక్సీలు తెప్పిస్తుందనుకుందాం. అది 100 నుంచి సున్నాకి తరుగుతుంది కాబట్టి సగటున 50 ఉన్నట్టు. నాలుగు చోట్లా కలిపి 200. దానికి సేఫ్టీ స్టాకు 200 కలిపితే మొత్తం సగటు నిల్వ 400.

గోడౌన్లు కలిపాక కూడా వారానికోసారే 400 తెప్పిస్తే, తరిగే సరుకు సగటు మళ్ళీ 200. అందులో ఏమీ మారలేదు. సేఫ్టీ స్టాకు మాత్రమే 100కి దిగింది. మొత్తం 300. అంటే తగ్గింది నాలుగో వంతు, సగం కాదు.

మైస్టర్ సూత్రంలో ఈ తరిగే సరుకు కూడా సగమవుతుంది. కానీ దానికి ఒక ఆధారం ఉంది. ఆర్డరు ఖర్చునీ నిల్వ ఖర్చునీ తూచి లాభసాటి లాటు కట్టే పాత సూత్రం ఒకటుంది. దాని ప్రకారం అమ్మకం నాలుగు రెట్లయితే లాటు రెండు రెట్లే అవుతుంది. అంటే ఒక్కోసారి 400 కాకుండా 200 తెప్పించాలి, వారానికి రెండుసార్లు. మీ ఫ్యాక్టరీ వారు వారానికి రెండుసార్లు పంపుతారా? లారీ నిండకుండా వస్తే కిరాయి ఎవరిది? ఆ జవాబు తెలిశాకే తరిగే సరుకు కూడా తగ్గుతుందని రాసుకోవాలి.

రెండో షరతు: ఊళ్ళు దాదాపు సమానంగా ఉండాలి

నాలుగు ఊళ్ళూ వారానికి 100 అమ్ముతాయనడం లెక్క సులువు కోసం. నిజానికి బెంగళూరు ఒక్కటే మిగతా మూడింటినీ మింగేస్తుంది. బెంగళూరు ఊగు 60, కోలారు 20, హోసూరు 15, కృష్ణగిరి 5 అనుకోండి. మామూలుగా కూడితే 100. వర్గాలు కూడితే 3600, 400, 225, 25 కలిసి 4250. దాని వర్గమూలం 65. తగ్గింది 35 శాతం, 50 కాదు. పెద్ద ఊరి ఊగుని తన తగ్గుదలతో సరిచేసేంత బరువు చిన్న ఊళ్ళకి ఉండదు. గోడౌన్ల సంఖ్య చూసి వర్గమూలం కట్టేవాళ్ళు ఇక్కడే ఎక్కువ ఆశపడతారు.

మూడో షరతు: ఊళ్ళు ఒకేసారి ఊగకూడదు

అన్నిటికంటే పెద్ద షరతు ఇదే. ఒకచోట ఎక్కువ పోయిన వారం ఇంకోచోట తక్కువ పోయే అవకాశం ఉంటేనే ఒకరిది ఒకరికి ఉపయోగం. నాలుగు ఊళ్ళూ ఒకేసారి పైకి లేచి ఒకేసారి కింద పడితే, ఒకే చోట ఉంచినా విడివిడిగా ఉంచినా అదే సరుకు కావాలి. ఆ సంబంధం నిండుగా ఉంటే సేఫ్టీ స్టాకు 200కి 200 ఉంచాల్సిందే. సంబంధం సగంగా ఉంటే, గణితంలో 0.5 అంటారు, సేఫ్టీ స్టాకు 157. అసలు లేకపోతేనే 100.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఉగాది ముందు బెంగళూరులో, కోలారులో అమ్మకం పెరుగుతుంది. ఆడి నెల తగ్గింపు అమ్మకాలకి హోసూరు, కృష్ణగిరి జనం ఎదురుచూస్తారు. దీపావళికి అన్ని ఊళ్ళూ లేస్తాయి. అమ్మకాల పుస్తకం చూసి "అన్నీ ఒకేసారి లేస్తున్నాయి, కలిపి లాభం లేదు" అనుకుంటాం. కానీ దీపావళి వస్తుందని అందరికీ తెలుసు. తెలిసిన పెరుగుదలకి ముందే ఆర్డరు పెడతాం, దానికి సేఫ్టీ స్టాకు అక్కర్లేదు. సేఫ్టీ స్టాకు అనుకోని దానికి మాత్రమే.

అందుకని కొలవాల్సింది అమ్మకాన్ని కాదు, మన అంచనాకీ అమ్మకానికీ మధ్య తేడాని. ఆడి నెలలో ఒక వారం హోసూరులో 160 పోతాయని అంచనా వేసి 170 అమ్మితే తేడా 10. సగటు 100 నుంచి కొలిచి 70 అని రాసుకుంటే ఊగు లేనిపోనిదిగా పెరిగిపోతుంది.

పండగ తెలిసినదే అయినా, ఏడాదిలో కొన్ని కారణాలు అన్ని ఊళ్ళనీ ఒకేసారి కుదిపేస్తాయి. కంపెనీ ఉన్నట్టుండి ధర తగ్గిస్తుంది. పోటీ కంపెనీ కొత్త రకం దింపుతుంది. అప్పుడు నలుగురు అన్నదమ్ముల తేడాలూ ఒకే దిక్కుకి పోతాయి. ఎంత తరచుగా అలా జరుగుతుందో పుస్తకాలే చెప్పాలి.

సూత్రం లేకుండా కొలిచే దారి: ఐదో కాలమ్

ఈ మూడు షరతులనీ విడివిడిగా లెక్కలు కట్టక్కర్లేదు. దానికి సులువైన దారి ఉంది. ఎక్సెల్‌లో ఒక వరసలో ఒక వారం చొప్పున 52 వారాలు పెట్టండి. B నుంచి E దాకా నాలుగు కాలమ్‌లలో నాలుగు ఊళ్ళ తేడాలు రాయండి. అమ్మకంలోంచి అంచనా తీసేయగా వచ్చినవి. ఎక్కువ పోతే ప్లస్, తక్కువ పోతే మైనస్. ఐదో కాలమ్‌లో ఆ నాలుగింటినీ కూడండి. తర్వాత కింద ఊగు కట్టండి.

```
F2:   =SUM(B2:E2)
B55:  =STDEV.S(B2:B53)
F55:  =STDEV.S(F2:F53)
```

B55 లాంటిదే C, D, Eలకి కూడా వేస్తే నాలుగు ఊళ్ళ ఊగులు వస్తాయి. ఆ నాలుగింటి మొత్తం మీ ఇప్పటి పరిస్థితి. F55లో వచ్చినది గోడౌన్లు కలిపాక పరిస్థితి. ఊళ్ళు పెద్దాచిన్నా అయినా, కలిసి ఊగినా, విడిగా ఊగినా అన్నీ ఆ ఒక్క అంకెలోకి వచ్చేస్తాయి. మన ఉదాహరణలో నాలుగు ఊగుల మొత్తం 120. ఐదో కాలమ్ 60 చూపిస్తే వర్గమూల సూత్రం మీకు అక్షరాలా వర్తిస్తుంది. 95 చూపిస్తే సేఫ్టీ స్టాకు 157 దగ్గర ఆగుతుంది. 115 చూపిస్తే కలపడం వల్ల సరుకు తగ్గుతుందనే మాట మర్చిపోండి.

ఇందులో ఒక జాగ్రత్త. స్టాకు రిజిస్టరు అమ్మిన దాన్ని రాస్తుంది కానీ అడిగిన దాన్ని రాయదు. శనివారం మధ్యాహ్నానికి సరుకు అయిపోయి, సాయంత్రం వచ్చిన పదిమందిని "లేదండీ, సోమవారం రండి" అని పంపేస్తే పుస్తకంలో ఆ పది ఎక్కడా కనబడవు. అలాంటి వారాల్లో అమ్మకం అసలు గిరాకీ కంటే తక్కువ చూపిస్తుంది, ఊగు కూడా తక్కువ చూపిస్తుంది. దాని మీద కట్టిన సేఫ్టీ స్టాకు చాలదు. కనీసం మూడు నెలలు కౌంటరు దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, అడిగి వెళ్ళిపోయిన వాళ్ళ లెక్క రాయించండి. ఈ పని చేయకుండా గోడౌను మూసే నిర్ణయం తీసుకోకండి.

డబ్బు లెక్క ఎటు తిరుగుతుంది?

సేఫ్టీ స్టాకు 100 మిక్సీలు తగ్గాయనుకుందాం. మిక్సీ ఖరీదు 2,500 రూపాయలైతే రెండున్నర లక్షల పెట్టుబడి విడుదలైంది. 12 శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 30,000 రూపాయలు మిగిలాయి.

మూడు గోడౌన్ల అద్దె, హోసూరులో పెంచిన చోటు అద్దె పోను, నెలకి 36,000 మిగిలిందనుకుందాం. ఏడాదికి 4,32,000. రెండూ కలిపి 4,62,000.

ఇప్పుడు ఖర్చు వైపు. ఇంతకుముందు ఫ్యాక్టరీ లారీ నేరుగా కోలారుకి, కృష్ణగిరికి, బెంగళూరుకి వెళ్ళేది. ఇప్పుడు హోసూరు నుంచి మూడు ఊళ్ళకీ చిన్న బండి కట్టాలి. వారానికి రెండు ట్రిప్పులు, ట్రిప్పుకి 2,000 అనుకుంటే 312 ట్రిప్పులకి 6,24,000. అంటే ఏడాదికి 1,62,000 నష్టం. వారానికి ఒక్క ట్రిప్పే వేస్తే 3,12,000 ఖర్చు, 1,50,000 లాభం. కానీ కోలారులో కొనే మనిషి ఏడు రోజులు ఆగాలి. పక్క అంగట్లో అదే మిక్సీ ఉంటే ఆగుతాడా?

ఈ లెక్కలో వర్గమూలం ఇచ్చింది 30,000 మాత్రమే. మిగతాదంతా అద్దె, బండి కిరాయి. మిక్సీ లాంటి గబగబా పోయే, మరీ ఖరీదు కాని సరుకు విషయంలో సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఆ బండిలోనే వేరే సరుకు కూడా వెళ్ళేదైతే ఖర్చు పంచుకోవచ్చు. అది మీ ఇంటి లెక్క.

కలపడం నిజంగా లాభించే సరుకు

ఇప్పుడు అదే అంగట్లో వెనక అల్మారా చూడండి. పాత మోడల్ గ్రైండరు మోటారు, అరుదుగా అడిగే విడిభాగం. ఒక్కో ఊళ్ళో నెలకి సగటున ఒకటి పోతుంది. ఒక నెల ఎవరూ అడగరు, ఒక నెల ముగ్గురు అడుగుతారు. నెలకోసారి తెప్పించుకుంటే, 100 నెలల్లో 98 నెలలు లేదనకుండా ఉండాలంటే ఒక్కో ఊళ్ళో 3 ఉంచాలి. నాలుగు ఊళ్ళకీ 12.

ఒకే చోట ఉంచితే నెలకి సగటు గిరాకీ 4. అదే 98 శాతం భరోసాకి 8 చాలు. సగటు గిరాకీ 4 తీసేస్తే, విడివిడిగా 8 అదనంగా ఉంచాల్సి వచ్చింది, కలిపితే 4. సరిగ్గా సగం. ఇలాంటి విడిభాగాలు ఒక అంగట్లో 300 రకాలుంటే విడివిడిగా 3,600 ముక్కలు, ఒకే చోట 2,400. పైగా ఇవి అడిగే మనిషికి రెండు రోజులు ఆగడం అలవాటే. బండి ట్రిప్పు కూడా ప్రత్యేకంగా అక్కర్లేదు, పార్సిల్‌లో వేసేయవచ్చు. మోడల్ పాతబడి మూలన పడే సరుకు కూడా తగ్గుతుంది.

కాబట్టి "గోడౌన్లు కలపాలా వద్దా" అని మొత్తంగా అడగకూడదు. ఏ సరుకు కలపాలో అడగాలి. రోజూ పోయేది ఊళ్ళోనే ఉండనివ్వండి. అరుదుగా పోయేదీ, ఖరీదైనదీ ఒకచోటికి చేర్చండి.

సరిహద్దు, కాగితాలు, కుటుంబం

మనలాంటి సరిహద్దు ఊళ్ళ వాళ్ళకి ఇంకో మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది కాగితం. హోసూరు తమిళనాడు, కోలారు కర్ణాటక. ఒకే పాన్ మీద ఉన్నా రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు జీఎస్టీ కంటికి వేరువేరు మనుషులు. హోసూరు నుంచి కోలారు శాఖకి సరుకు బదిలీ చేసినా ఇన్వాయిసు రాసి ఐజీఎస్టీ కట్టాలి. కోలారు శాఖకి ఆ క్రెడిట్ వస్తుంది, కానీ సరుకు అమ్ముడుపోయేదాకా ఆ డబ్బు ఇరుక్కుని ఉంటుంది. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు కావాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి రాష్ట్రం బయటికి సరుకు అమ్మడానికి వీల్లేదు, కాబట్టి ఆ రిజిస్ట్రేషన్ మీద రెండు రాష్ట్రాలకి ఉమ్మడి గోడౌను నడపడం కుదరదు.

రెండోది దారి. 2016 సెప్టెంబరులో కావేరి నీళ్ళ గొడవ ముదిరినప్పుడు హోసూరు, బెంగళూరు మధ్య బండ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో కర్ణాటక అంగళ్ళ సరుకంతా హోసూరులో ఉండి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోండి. వర్గమూల సూత్రం గిరాకీ ఊగుని మాత్రమే చూస్తుంది. దారి మూతపడడం, గోడౌనులో నీళ్ళు చేరడం, అగ్నిప్రమాదం దాని లెక్కలో లేవు. పైగా సరుకంతా ఒకే చోట ఉన్నప్పుడు ఆ దెబ్బ అందరికీ ఒకేసారి తగులుతుంది.

మూడోది అన్నదమ్ముల మధ్య పంపకం. సరుకు తక్కువ పడిన వారం ఎవరికి ముందు? పెద్ద ఊరివాడు ముందే ఫోను చేసి అంతా పట్టుకుపోతే కృష్ణగిరి తమ్ముడికి మిగలదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి అతను అవసరానికి మించి అడిగి, తన అంగడి మేడ మీద నలభై దాచుకుంటాడు. కాగితం మీద గోడౌను ఒకటే, నిజానికి మళ్ళీ నాలుగు. ఇది జరుగుతోందని ఎలా తెలుస్తుందంటే, ఉమ్మడి గోడౌను నుంచి ఒక ఊరికి పోయిన సరుకుకీ ఆ ఊళ్ళో బిల్లయిన సరుకుకీ నెలనెలా తేడా పెరుగుతూ పోతుంది. దానికి మందు కోప్పడడం కాదు. తక్కువ పడినప్పుడు ఎవరి వాటా ఎంతో ముందే రాసుకోవడం.

నడిమి దారి

నాలుగుని ఒకటి చేయకుండా రెండు చేసినా లాభంలో ఎక్కువ భాగం దొరుకుతుంది. కోలారు, బెంగళూరు కలిపి కర్ణాటకలో ఒకటి, హోసూరు, కృష్ణగిరి కలిపి తమిళనాడులో ఒకటి. మన లెక్క ప్రకారం ఒక్కోదాని ఊగు 42, సేఫ్టీ స్టాకు 70. రెండూ కలిపి 140. నాలుగు నుంచి రెండుకి వస్తే 200లో 60 తగ్గాయి. రెండు నుంచి ఒకటికి వస్తే ఇంకో 40 మాత్రమే తగ్గుతాయి. ఆ చివరి 40 కోసం సరిహద్దు దాటే కాగితాలు, ఐజీఎస్టీ ఇరుకు, దారి మూతపడే భయం అన్నీ నెత్తిన పెట్టుకోవాలి.

గోడౌన్లు ముట్టుకోకుండా కలిపే పద్ధతి కూడా ఉంది. నాలుగు చోట్ల సరుకూ అందరికీ కనబడేలా ఒకే షీటు పెట్టుకుని, ఒకరికి తక్కువైతే ఇంకొకరి దగ్గర్నుంచి తెప్పించుకోవడం. అరుదుగా పోయే విడిభాగాలకి ఇది బాగా పనికొస్తుంది. సరుకు నాలుగు చోట్లా ఉన్నా, అందరూ ఒకే లెక్క చూస్తున్నంతకాలం అది ఒకే గోడౌను కింద లెక్క.

కుర్రవాళ్ళు వర్గమూలం కాగితం తెచ్చినప్పుడు కాదనకండి, కూర్చోబెట్టండి. ముందు 52 వారాల తేడాలు వేయించి, ఐదో కాలమ్ చూపించమనండి. తర్వాత సరుకుని రోజూ పోయేది, అరుదుగా పోయేది అని రెండు జాబితాలుగా విడదీయించండి. రెండో జాబితాని ఆరు నెలలు ఒకచోట నడిపి, అడిగి వెళ్ళిపోయినవాళ్ళ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. ఆ పుస్తకంలో పేజీలు నిండకపోతే మొదటి జాబితా సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.